తవుడు ధర తేలితేనే బియ్యం ఖరీదు

వంద క్వింటాళ్ల ధాన్యం ఆడిస్తే వంద క్వింటాళ్ల బియ్యం రావని మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊక పోతుంది, తవుడు పోతుంది, నూకలు విడిపోతాయి. మిల్లు ఆవరణలో ఇవన్నీ ఎవరి కుప్ప వాళ్లదన్నట్టు వేరువేరుగా పడతాయి కాబట్టి చూపుకి అంతా తేటగానే ఉంటుంది. చిక్కు గుమాస్తా బల్ల దగ్గర మొదలవుతుంది. ధాన్యానికి ఇచ్చింది ఒకే మొత్తం. అందులో బియ్యానికి ఎంత, తవుడుకి ఎంత, ఊకకి ఎంత? పనికిరాని రాళ్లకి కూడా వాటా ఉందా? ఈ ప్రశ్నకి ఇచ్చే జవాబును బట్టి అదే మిల్లు, అదే బియ్యం, అదే ధర ఒక పుస్తకంలో లాభంగా, ఇంకో పుస్తకంలో నష్టంగా కనిపిస్తాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. ధరలు నేను సులువు కోసం అనుకున్నవి. మీ మార్కెట్‌లో వేరుగా ఉండొచ్చు. క్వింటాలు 2,400 రూపాయల చొప్పున 100 క్వింటాళ్ల ధాన్యం కొన్నాం. అంటే 2,40,000. ఆరబెట్టడం, కరెంటు, హమాలీ, జీతాలు, యంత్రాల అరుగుదల అన్నీ కలిపి ఇంకో 20,000. మొత్తం ఖర్చు 2,60,000. మర ఆగాక కాటా వేస్తే బియ్యం 56 క్వింటాళ్లు, నూకలు 10, తవుడు 7, ఊక 21. సార్టెక్స్ యంత్రం ఏరి పారేసిన రంగు మారిన గింజలు 2. తాలు, రాళ్లు, మట్టి 2. ఇవన్నీ కూడితే 98. మిగిలిన 2 క్వింటాళ్లు తేమగా, దుమ్ముగా గాల్లో కలిసిపోయాయి.

ఇప్పుడు ముగ్గురు గుమాస్తాలు ఈ లెక్కని మూడు రకాలుగా రాశారనుకోండి.

మొదటివాడు సమానత్వం పాటించాడు. 2,60,000ని 98తో భాగించి, బయటికి వచ్చిన ప్రతి క్వింటాలుకీ 2,653 రూపాయలు కట్టాడు. బియ్యం 2,653కి పడిందంటే యజమాని మహా సంతోషిస్తాడు, బయట 4,200 పలుకుతోంది మరి. కానీ అదే పుస్తకంలో ఊక కూడా క్వింటాలు 2,653 అని ఉంది. దాన్ని 300కి మించి ఎవరూ కొనరు. రాళ్ల కుప్ప విలువ 5,306 రూపాయలట! బరువు ప్రకారం పంచడం రాయడానికి సులువు, అందుకే చాలాచోట్ల ఇదే కనిపిస్తుంది. ఊక లారీ ఎక్కిన రోజున దాదాపు యాభై వేల నష్టం ఒక్కసారిగా బయటపడేదాకా తప్పు ఎవరికీ తెలియదు.

రెండోవాడు దీనికి పూర్తిగా ఎదురు. వ్యాపారం బియ్యానిది, మిగిలింది చెత్త అన్నాడు. మొత్తం 2,60,000నీ 56 క్వింటాళ్ల మీదే వేశాడు. క్వింటాలు 4,643 పడింది. 4,200కి అమ్మితే నష్టమే కాబట్టి యజమాని బేరం వదులుకుంటాడు. నిజానికి అది లాభం వచ్చే బేరం. పైగా తవుడు, నూకలు అమ్మిన డబ్బు 'ఇతర ఆదాయం' అని వేరే పద్దులో పడుతుంది. మార్చిలో తవుడు అమ్ముడై, బియ్యం గోదాములోనే ఉండిపోతే ఆ ఏడాది లాభం ఉబ్బుతుంది, ఖర్చంతా బియ్యం బస్తాల్లో దాక్కుని వచ్చే ఏడాదికి వెళుతుంది.

మూడోవాడు ముందు పక్క సరుకుల ధర కనుక్కున్నాడు. రవాణా, సంచులు, దళారీ ఖర్చు పోగా చేతికి ఎంత వస్తుందో అంత, అంటే లెక్కల భాషలో నికర విక్రయ విలువ. తవుడు 2,000 చొప్పున 14,000. ఊక 300 చొప్పున 6,300. నూకలు 2,200 చొప్పున 22,000. రంగు గింజలు 1,500 చొప్పున 3,000. రాళ్లకి సున్నా. ఈ 45,300ని మొత్తం ఖర్చులోంచి తీసేశాడు. మిగిలిన 2,14,700ని 56తో భాగిస్తే బియ్యం క్వింటాలు 3,834. గాల్లో కలిసిన 2 క్వింటాళ్లకి వేరే పద్దు లేదు, వాటి ఖరీదు మంచి సరుకు మీదే పడింది.

చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ సరుకు నిల్వల విలువ గురించి జారీ చేసిన రెండో అకౌంటింగ్ స్టాండర్డ్ చెప్పేదీ దాదాపు ఇదే. ఉప ఉత్పత్తులు, స్క్రాపు సాధారణంగా చిన్న మొత్తాలు కాబట్టి వాటిని నికర విక్రయ విలువకి లెక్కగట్టి, ఆ విలువని ప్రధాన సరుకు ఖర్చులోంచి తగ్గించడం వాడుక. ఇందులో 'చిన్న మొత్తాలు' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన లెక్కలో తవుడు, ఊక చిన్నవే. నూకలు? 22,000 అంటే బియ్యం అమ్మకంలో పదో వంతుకి దగ్గర. బీరు తయారీకి, ఇథనాల్‌కి, దాణాకి కొనేవాళ్లు ఉన్నప్పుడు నూకలు ఇక వ్యర్థం కాదు, బియ్యానికి తోబుట్టువు. అలా భావిస్తే ఉమ్మడి ఉత్పత్తి పద్ధతి వాడాలి. తవుడు, ఊక, రంగు గింజల విలువ తీసేశాక మిగిలిన 2,36,700 ఖర్చుని, బియ్యం, నూకల అమ్మకపు విలువల నిష్పత్తిలో రెండింటికీ పంచాలి. అప్పుడు బియ్యం 3,865, నూకలు 2,025 పడతాయి.

తేడా క్వింటాలు బియ్యానికి 31 రూపాయలే. అసలు తేడా మరోచోట ఉంది. మొదటి పద్ధతిలో నూకలు లాభమూ నష్టమూ లేకుండా అమ్ముడవుతాయి, లాభమంతా బియ్యానిదే. రెండో పద్ధతిలో నూకలు కూడా తమ వంతు ఖర్చు మోసి, తమ వంతు లాభం చూపిస్తాయి. నన్నడిగితే నూకలకి నిలకడైన గిరాకీ, వేరే కొనుగోలుదారులు ఉన్న మిల్లు రెండోది పాటించడం మేలు, చిల్లరగా అమ్ముకునే మిల్లుకి మొదటిది చాలు. ఏదైనా పట్టుకున్నాక ఏటా అదే నడపాలి. లాభం కావలసిన ఏడాది ఒకటి, పన్ను తగ్గాల్సిన ఏడాది ఒకటి అంటే ఆడిటరు ఊరుకోడు.

తవుడు సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే దాని ధర మిల్లు చేతిలో నిలిచేది కాదు. పచ్చి బియ్యం తవుడులో నూనెతోపాటు దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ కూడా ఉంటుంది. పాలిషర్‌లో గింజ పైపొర రాలిన క్షణం నుంచి అది పని మొదలుపెడుతుంది. రోజులు గడిచేకొద్దీ కొవ్వు ఆమ్లాలు పెరిగి, నూనె తీసే ఫ్యాక్టరీవాడు ధర కోసేస్తాడు. బాగా పాడైతే దాణాకి తప్ప పనికిరాదు. ఉప్పుడు బియ్యం తవుడుకి ఈ బాధ తక్కువ, ధాన్యాన్ని ఉడికించినప్పుడే ఆ ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. కాబట్టి పచ్చి తవుడు విషయంలో 'కిందటి నెల రేటు' అన్న మాటకి అర్థం లేదు. తయారైన వారంలో అమ్మిన బిల్లులే ఆధారం.

లారీ రాక మన 7 క్వింటాళ్ల తవుడు పది రోజులు గోదాములో ఉండిపోయి, 2,000 పలకాల్సింది 1,200కి పోయిందనుకోండి. 5,600 నష్టం. దాన్ని 56 క్వింటాళ్ల బియ్యం మీద వేస్తే క్వింటాలుకి సరిగ్గా వంద పెరుగుతుంది. అలా వేయకూడదు. బియ్యం తయారీలో జరిగిన ఖర్చు కాదది, తవుడు నిల్వలో జరిగిన నష్టం. తవుడు నిల్వ విలువ తగ్గించి, ఆ 5,600ని నేరుగా నష్టాల్లో రాయాలి. అలా కాక బజారులో తవుడు రేటే పడిపోయి, రాబోయే ధాన్యం ఆడించినప్పుడు కూడా 1,200కి మించి రాదని తెలిస్తే, ఆ కొత్త లాట్‌లో తగ్గించే మొత్తం తక్కువవుతుంది, అక్కడ బియ్యం ఖరీదు పెరగడం న్యాయమే.

ఊకది మరో తిరకాసు. దాన్ని అమ్మడమే కాదు, మిల్లే కాలుస్తుంది. 21 క్వింటాళ్ల ఊకలో 12 క్వింటాళ్లు డ్రయ్యరు కొలిమిలోకి వెళ్లిందనుకుందాం. అంటే 3,600 రూపాయల ఇంధనం. పద్ధతిగా రాస్తే ఊక 21 క్వింటాళ్లూ నిల్వలోకి రావాలి, అందులోంచి 12 క్వింటాళ్లు ఇంధనం పద్దుకి బయటికి వెళ్లాలి. మనం మొదట అనుకున్న 20,000 ఖర్చులో ఈ 3,600 కలిసే ఉంది. కొలిమి దగ్గర మనిషి చీటీ రాయకపోతే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. లేని 12 క్వింటాళ్ల ఊక పుస్తకంలో నిలబడి ఉంటుంది. ఇంధనం ఖర్చు పడలేదు కాబట్టి బియ్యం క్వింటాలుకి 64 రూపాయలు తక్కువగా కనిపిస్తుంది. ఏడాది చివర ఊక కుప్పని కొలిచినప్పుడు పుస్తకంలో కొండంత, ఆవరణలో పిడికెడంత తేలితే, దొంగల కోసం వెతికేముందు కొలిమి చీటీలు అడగాలి.

అలాగే తరుగు చూసి తొందరపడకూడదు. ధాన్యంలో 15.5 శాతం తేమ ఉంటే 100 క్వింటాళ్లలో 84.5 క్వింటాళ్లే పొడి పదార్థం. దాన్ని 14 శాతం తేమకి ఆరబెడితే బరువు 98.3కి దిగుతుంది. అంటే ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే 1.7 క్వింటాళ్లు తరుగు. అదే 17 శాతం తేమతో కొన్న ధాన్యమైతే 3.5 క్వింటాళ్లు పోతాయి. కాబట్టి కొనుగోలు రిజిస్టర్‌లో బరువు పక్కనే తేమ శాతం కూడా ఉండాలి. అది లేని మిల్లులో ఏది మామూలు తరుగో, ఏది కాదో చెప్పడం ఎవరివల్లా కాదు. మామూలు తరుగు ఖరీదు మిగిలిన సరుకు మోస్తుంది. అసాధారణమైన నష్టం మోయకూడదు, అదీ ఆ రెండో స్టాండర్డ్‌లోనే ఉంది. వానకి కప్పు కారి 2 క్వింటాళ్ల బియ్యం తడిసిపోయి దాణాకి 1,200 చొప్పున పోతే, ఖరీదు 7,668 లోంచి వచ్చిన 2,400 తీసేసి 5,268 నష్టంగా రాయడమే. మిగిలిన 54 క్వింటాళ్ల ఖరీదు 3,834 దగ్గరే ఉంటుంది. కప్పు కారినందువల్ల మంచి బియ్యం ఖరీదెక్కదు కదా.

యంత్రాల దగ్గర పోగయ్యే స్క్రాపు ఇంకో రకం. అరిగిపోయిన రబ్బర్ రోల్స్, చిరిగిన జల్లెడలు, పాత బేరింగులు, పనికిరాని గోనె సంచులు. వీటి ఖరీదు వాడుకలోకి తీసుకున్న రోజే ఖర్చయిపోయింది కాబట్టి నిల్వలో విలువ సున్నా పెట్టినా తప్పులేదు. అమ్మినప్పుడు వచ్చిన డబ్బే ఆదాయం. అయితే విలువ సున్నా అన్నారని లెక్క కూడా మానేస్తారు, అదే తప్పు. కొత్త రోల్ ఇచ్చేటప్పుడు పాతది తిరిగి తీసుకుని సంఖ్య రాసుకుంటే, స్టోర్ నుంచి ఎన్ని వెళ్లాయో, స్క్రాపు గదిలో ఎన్ని ఉన్నాయో సరిచూడొచ్చు. ఆ పని చేయని చోట పాత రోల్స్ ఎప్పుడు, ఎవరికి, ఎంతకి పోయాయో యజమానికి తెలియదు. కొన్నిసార్లు కొత్తవి కూడా పాతవాటి లెక్కలోనే పోతాయి.

ఇక మళ్లీ ఆడించడం, అంటే రీవర్క్. పుస్తకాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ముందు ఒక మాట. సార్టెక్స్ వదిలేసిన గింజల్ని రెండోసారి అదే యంత్రంలో వేసి అందులో పొరపాటున పడ్డ మంచి గింజల్ని ఏరుకోవడం రోజూ జరిగే పని. అది తయారీలో భాగమే, దానికి వేరే కాగితం అక్కర్లేదు. తయారై, సంచికెత్తి, నిల్వ పుస్తకంలో బియ్యంగా చేరిన సరుకు వెనక్కి వచ్చినప్పుడే రీవర్క్ అనాలి.

నూకలు 6 శాతం మించకూడదన్న ఒప్పందంతో 20 క్వింటాళ్లు పంపాం. టోకు వ్యాపారి చూస్తే 11 శాతం ఉన్నాయి. గ్రేడరు జల్లెడ ఒకచోట చిరిగి, నూకలు బియ్యంలోకి జారాయి. లారీ వెనక్కి వచ్చింది. మళ్లీ ఆడించాం. కరెంటు, కూలి, కొత్త సంచులకి 2,000 అయింది. వచ్చినవి బియ్యం 18.4 క్వింటాళ్లు, నూకలు 1.2, రంగు గింజలు 0.3. మిగిలిన 0.1 దుమ్ము.

గుమాస్తా చేసే మామూలు తప్పు ఏమిటంటే, వెనక్కి వచ్చిన 20 క్వింటాళ్లని ఎక్కడా రాయకుండా, బయటికి వచ్చిన 18.4ని ఆ రోజు ఉత్పత్తిగా రాసేయడం. దాన్ని పట్టుకోవడానికి తెలివి అక్కర్లేదు, కూడిక చాలు. మన 100 క్వింటాళ్ల ధాన్యానికి 56కి 18.4 చేరి 74.4 క్వింటాళ్ల బియ్యం కనిపిస్తుంది. ఊక, తవుడు, నూకలు కలిపితే మొత్తం వంద దాటిపోతుంది. ఏ మిల్లైనా లోపలికి వేసినదానికంటే ఎక్కువ బయటికి తీసిందని పుస్తకం చెబితే, పాత సరుకు కొత్తగా మళ్లీ పుట్టిందన్నమాట.

సరైన పద్ధతిలో ముందు 20 క్వింటాళ్లూ తమ ఖరీదుతో, అంటే 76,680తో, బియ్యం నిల్వలోంచి రీవర్క్ అన్న పద్దుకి మారతాయి. దానికి 2,000 ఖర్చు కలుస్తుంది. విడిపోయిన నూకలు, రంగు గింజల విలువ 3,090 తగ్గుతుంది. మిగిలింది 75,590. దీన్ని 18.4తో భాగిస్తే క్వింటాలు 4,108 పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఇంతవరకు దానంతట అదే చేస్తుంది, నిల్వలో బియ్యం 4,108 అని చూపిస్తుంది. అక్కడ ఆగిపోతే, ఒకసారి చెడగొట్టి బాగుచేసిన బియ్యం మొదటిసారే బాగా వచ్చిన బియ్యం కంటే విలువైనదని ఒప్పుకున్నట్టు. జల్లెడ చిరగడం రోజూ జరిగేది కాదు కాబట్టి, 18.4 క్వింటాళ్లకి పాత ఖరీదు 3,834 చొప్పున 70,546 ఉంచి, మిగిలిన 5,044ని ఆ నెల నష్టంలో రాయాలి. లారీ రానుపోను బాడుగ కూడా నష్టాల్లోకే.

ఈ 5,044ని విప్పి చూస్తే మిల్లు నడిపేవాడికి పనికొచ్చే విషయం ఒకటి బయటపడుతుంది. మళ్లీ ఆడించడానికి పెట్టింది 2,000 మాత్రమే. దాదాపు అంతే మొత్తం, 1,961 రూపాయలు, నూకలని బియ్యం ఖరీదు కట్టి నిల్వలో ఉంచుకోవడంవల్ల వచ్చింది. అంటే ఆ 1.2 క్వింటాళ్లు మొదటినుంచీ బియ్యం కానే కావు. మొదటి రోజు ఉత్పత్తి రిజిస్టర్‌లో బియ్యం ఎక్కువగా, నూకలు తక్కువగా పడ్డాయి. ఎప్పుడూ 10 వచ్చే నూకలు ఆ రోజు 9 కంటే తక్కువకి దిగడం ఎవరైనా చూసి ఉంటే, లారీ కదలకముందే జల్లెడ విప్పి చూసేవాళ్లు.

మిల్లుల్లో ఎక్కువగా వాడే ట్యాలీలో వీటన్నిటికీ చోటు ఉంది. `Manufacturing Journal` ఓచర్‌లో వాడిన ధాన్యం ఒకవైపు, వచ్చిన పక్క సరుకులు ఇంకోవైపు రాస్తాం. ఒక్కోదాన్ని `By-Product`, `Co-Product`, `Scrap` అని వేరు చేసే వీలుంది. పక్క సరుకుల విలువ తీసేశాక ప్రధాన సరుకు రేటు ఎంత పడిందో కింద తానే చూపిస్తుంది. రీవర్క్‌కి కూడా అదే ఓచర్ వాడొచ్చు, ధాన్యం స్థానంలో వెనక్కి వచ్చిన బియ్యాన్ని వాడకంగా చూపించాలి. ఆ ఓచర్లకి వేరే పేరు పెట్టుకుంటే నెలాఖరున తాజా ఉత్పత్తి ఎంత, మళ్లీ ఆడించింది ఎంత అని విడదీయడం తేలిక. 4,108ని 3,834కి దించే పని మాత్రం అది చేయదు. జల్లెడ ఎందుకు చిరిగిందో దానికి తెలియదు, ఆ నిర్ణయం మనిషే తీసుకుని నష్టం పద్దు రాయాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో చాలా మిల్లులు సొంత వ్యాపారంతోపాటు ప్రభుత్వ ధాన్యం కూడా ఆడిస్తాయి. అక్కడ పై లెక్కలో కొంత తారుమారవుతుంది. ధాన్యం ప్రభుత్వానిది కాబట్టి మిల్లు నిల్వల విలువలో అది ఉండకూడదు, క్వింటాళ్ల లెక్క మాత్రమే ఉండాలి. పచ్చి బియ్యమైతే వందకి 67, ఉప్పుడు బియ్యమైతే 68 క్వింటాళ్లు తిరిగి అప్పగించాలి. తవుడు, ఊక మిల్లుకే మిగులుతాయి కాబట్టి అవి మిల్లు నిల్వే, చేతికొచ్చే ధరకి విలువ కట్టి రాసుకోవాలి. రెండు రకాల ధాన్యానికీ ఒకే కొట్టు, ఒకే రిజిస్టర్ అయితే సొంత లాట్‌లో తగ్గిన బియ్యాన్ని ప్రభుత్వ లాట్ పూడుస్తుంది, ఏ లాట్ ఎంత ఇచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు. అప్పగించిన బియ్యం నాణ్యత లేదని తిరిగొస్తే భారం మిల్లుదే. మళ్లీ ఆడించిన ఖర్చు, తగ్గిన క్వింటాళ్లకి బదులు పెట్టిన సొంత బియ్యం ఖరీదు రెండూ మిల్లు నష్టంలో పడతాయి. కాబట్టి సొంత గోదాములోంచి తీసిన ఆ బియ్యానికి అదే రోజు చీటీ రాయించాలి.